మొదటి విడత అందిన వారంలోగా

అడ్వాన్సు అడుగుతూ కొత్త క్లయింటుకు ఉత్తరం రాయాలి. ఇన్నేళ్లూ ఆ ఉత్తరం అక్కే రాసేది. ఇప్పుడు అక్క లేదు. బావ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చిన్నోడు అతని వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

చిన్నోడంటే చిన్నపిల్లవాడు కాదు. నలభై దాటినవాడు, చెవుల దగ్గర నెరిసినవాడు. అక్క అలా పిలిచేది కాబట్టి బావా పిలిచాడు, బావ పిలిచాడు కాబట్టి ఊళ్లో బోర్డులు చేసేవాళ్లూ, రంగులమ్మేవాళ్లూ పిలిచారు. వాళ్ల ముగ్గురిదీ చిన్న ఏజెన్సీ. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో దారి చూపే బోర్డులు చేస్తారు. కంటి విభాగం ఎటు, లిఫ్టు ఎటు, మందుల కౌంటరు ఎటు అని కొత్తవాడికి చెప్పే బోర్డులు. ఏ మలుపులో ఏ బోర్డు ఉండాలో, దాని మీద ఏం రాయాలో, ఎంత ఎత్తులో కట్టాలో అక్క గీసేది. లెక్కలూ టైపింగూ బావవి. క్లయింట్ల చుట్టూ తిరగడం, బోర్డులు సరిగా బిగించారా లేదా చూడడం చిన్నోడి వంతు.

కొత్త క్లయింటు ఒక ఆసుపత్రి. అయిదంతస్తుల కొత్త భవనం. తెరవడానికి ఇంకా మూడు నెలలుంది. వేరే ఆసుపత్రిలో అక్క చేసిన పిల్లల వార్డు చూసి, వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. ఇంత పెద్ద పని ఏజెన్సీకి రాక చాలా కాలమైంది. అక్క మంచాన పడ్డాక వచ్చిన పనులు వచ్చినట్టే తిరిగిపోయాయి. చేసిన ఆఖరి పనికి ఒక వ్యాపార సముదాయం వాళ్లు కొలతల్లో తేడా ఉందంటూ బిల్లు తొక్కిపట్టారు. స్టిక్కర్ల షీట్లమ్మేవాడు అరువు ఆపేశాడు. ఆఫీసు గది అద్దెకు ఇంటి యజమాని రెండుసార్లు మెట్లెక్కి వచ్చి, మూడోసారి రావడం మానేశాడు. అతను రావడమే నయమనిపించింది.

"అడగకుండా మొదలుపెడదామంటే చేతిలో చిల్లిగవ్వ లేదు. అడిగితే వాళ్లెక్కడ పారిపోతారో" అన్నాడు బావ.

"అక్క అడిగితే ఎవరన్నా పారిపోయారా?"

"మీ అక్క అడిగినట్టు ఉండేది కాదురా. ఏదో వాళ్ల మేలుకే చెబుతున్నట్టుండేది."

"అందుకే ఆవిడ పాత ఉత్తరమే తీయి. పేరూ అంకెలూ మార్చు. కొత్తగా మనం ఏడిస్తే అది మన ఏడుపులాగే ఉంటుంది."

బావ నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు వినబడింది.

పాత ఉత్తరం తెరిచారు. ఆసుపత్రి పేరు చేర్చారు. మొత్తం ఖర్చులో నలభై శాతం పని మొదలుపెట్టే ముందు. ముప్ఫై శాతం నమూనాలు మీరు ఆమోదించాక, బోర్డుల తయారీకి పంపే ముందు. మిగిలిన ముప్ఫై శాతం, బోర్డులు తయారయ్యాక, బిగించే ముందు. ప్రతి విడతా దేనికి ఖర్చవుతుందో కింద రెండేసి వాక్యాల్లో ఉంది. మొదటి విడత రేకు కొనడానికీ, పనివాళ్లను మాట్లాడుకోవడానికీ. విడత ఆలస్యమైతే పని పూర్తయ్యే తేదీ అన్ని రోజులు వెనక్కి జరుగుతుందని, అది తప్పుపట్టడం కాదని, మీరూ మేమూ ముందే తెలుసుకుని ఉండడానికని అక్క రాసింది. చదువుతుంటే గొంతు వినబడినట్టుంది.

తర్వాతి పేరా దగ్గర బావ చెయ్యి ఆగింది.

'మొదటి విడత అందిన వారంలోగా మా ప్రధాన రూపకర్త స్వయంగా మీ భవనంలో నడుస్తారు. గేటు దగ్గర నుంచి మంచం దాకా, మొదటిసారి వచ్చిన రోగి ఎలా నడుస్తాడో అలా. ఆ నడక పూర్తయ్యేదాకా మేము ఒక్క గీత కూడా గీయము.' ప్రధాన రూపకర్త అన్న మాట పక్కన అక్క పేరుంది.

"ఇదీ..." అన్నాడు బావ.

"ఉండనీ బావా. ఆఖర్న చూద్దాం" అన్నాడు చిన్నోడు. ఫోనేమీ మోగలేదు గానీ, మోగినట్టు జేబు తడుముకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు.

ఆఖర్న ఎవరూ చూడలేదు. ఆ పేరు మీద గీత పెట్టే పని బావ చేస్తాడని చిన్నోడు అనుకున్నాడు. ఉండనీ అన్నవాడు వాడే కదా, తీసేసేదీ వాడేనని బావ అనుకున్నాడు. సాయంత్రం చిన్నోడు ప్రింటు తీసి అంకెలు మాత్రం వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూశాడు. మొత్తం సరిపోయింది. ఆ పేరా మీద నుంచి వేలు తొందరగా జారిపోయింది. ఉత్తరం వెళ్లింది.

ఆసుపత్రి నుంచి పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. బావ ఆశ వదిలేసుకున్నాడు. పదకొండో రోజున వాళ్ల మేనేజరు మేడమ్ ఫోన్ చేసి, మీ షరతులకు ఒప్పుకుంటున్నామని, మొదటి విడత బ్యాంకులో వేస్తున్నామని చెప్పింది. ఒక్క మాట కూడా బేరమాడలేదు.

ఆ మధ్యాహ్నం చిన్నోడు బోర్డులు చేసే షెడ్డుకు పరుగున వెళ్లాడు. అక్కడ యజమానిని అందరూ రేకుల మామ అంటారు. అతనికి నోరు పెద్దది, చెవులు చిన్నవి. పొద్దస్తమానం రేకు కోసే రంపపు చప్పుడులో ఉంటాడు కాబట్టి మామూలు మాట కూడా అరిచే చెబుతాడు.

"అల్లుడూ! బతికే ఉన్నావన్నమాట! మొహం చూసి ఎన్నాళ్లయింది!"

"పనొచ్చింది మామా. పెద్దది. ఇదిగో, రేకుకు."

రేకుల మామ కవరు తీసుకుని లోపలికి చూశాడు. గొంతు ఒక్కసారిగా తగ్గించాడు. "అమ్మాయి ఉన్నప్పటి లెక్కే, ముందే రేకుకు డబ్బు. మీ ఏజెన్సీ ఒక్కటే రా నా దగ్గర అప్పు పెట్టనిది." వెంటనే మళ్లీ అరిచాడు. "రేకు ధర వచ్చే నెల పెరుగుతుందంటున్నారు. ఇవాళే తెచ్చి పడేస్తా. చట్రాలకు కావలసినంత కోయించేస్తా. చట్రం కొలత ఎప్పటిదే కదా?"

"ఎప్పటిదే."

మిగిలిన దాంట్లో అద్దె కట్టారు. షీట్లవాడి పాత బాకీ సగం తీర్చారు. కరెంటు బిల్లు కట్టారు. ఇద్దరికీ ఆ రాత్రి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

మూడో రోజు మేనేజరు మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది.

"మీ మేడమ్ నడకకు ఎప్పుడొస్తున్నారండీ? మా పెద్ద డాక్టరుగారు కూడా ఆవిడతోపాటు నడుస్తానంటున్నారు. ఆవిడ గురించి చాలా విన్నారట."

చిన్నోడి నోట మాట రాకుండా ఉంటేనే బాగుండేది. "వచ్చే వారం అండీ" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక బావ వైపు తిరిగాడు. బావకు విషయం అర్థమైంది. కంప్యూటరులో ఉత్తరం తెరిచి, ఆ పేరా దాకా కిందికి జరిపి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు తీసేస్తావనుకున్నాను" అన్నాడు.

"నువ్వు తీశావనుకున్నా."

బావ ఉత్తరం మూసేశాడు.

"పోనీ, ఒంట్లో బాగోలేదని చెబుదాం" అన్నాడు చిన్నోడు. "నేను నడుస్తా. రిపోర్టు ఆవిడ పేరు మీద ఇద్దాం. రెండో విడత వచ్చిందంటే బోర్డులు గోడలెక్కేస్తాయి బావా. బోర్డు కింద ఎవరి పేరు ఉంటుంది గనక! తప్పు చెయ్యట్లేదు కదా, పనే కదా చేస్తున్నాం."

బావ తల అడ్డంగా ఊపాడు. "వేరే ఏ అబద్ధమైనా చెప్పు. ఒంట్లో బాగోలేదన్న మాట ఏడాది పాటు అందరికీ చెప్పాను. మళ్లీ ఆ మాట నాతో అనిపించకు."

చిన్నోడు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతూనే ఉన్నారు.

"అయితే చెప్పేద్దాం" అన్నాడు చివరికి.

ఆసుపత్రి భవనం కొత్త సున్నం వాసన వేస్తోంది. ఒక్క బోర్డు కూడా లేదు. మేనేజరు మేడమ్ గది రెండో అంతస్తులో అన్నారు గానీ, లిఫ్టు దిగాక రెండు వైపులా ఒకేలాంటి వరండాలు, ఒకేలాంటి తలుపులు. వాళ్లు ముందు పనివాళ్లు భోంచేసే గదిలోకి, తర్వాత చీపుళ్ల గదిలోకి వెళ్లారు. నేల తుడుస్తున్న ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "దారి కావాలా? బోర్డులు పెట్టేవాళ్లు వస్తారంట, వాళ్లొచ్చాక రండి" అంది.

"మేమే అమ్మా వాళ్లం" అన్నాడు బావ.

ఆమె వాళ్లను కిందికీ పైకీ చూసి, తానే ముందు నడిచి గది చూపించింది.

మేనేజరు మేడమ్ యాభై దాటిన మనిషి. కళ్లద్దాలు గొలుసుకు వేలాడుతున్నాయి. బల్ల మీద ఫైళ్లు ఒకదాని అంచుకొకటి తాకకుండా పేర్చి ఉన్నాయి. కుర్చీలు చూపించి, వాళ్ల వెనక తలుపు వైపు చూసింది.

"మేడమ్ రాలేదా?"

చిన్నోడు దారి పొడుగునా నాలుగైదు వాక్యాలు కూర్చుకుని వచ్చాడు. ఒక్కటీ అక్కర్లేకపోయింది. "మా అక్క చనిపోయిందండీ. ఆరు నెలలైంది. ఉత్తరంలో ఆవిడ పేరు... అది మేం తీసెయ్యాల్సింది. తీయలేదు."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది, మళ్లీ తీసేసింది. "అయ్యో" అంది. తర్వాత బావ వైపు చూసి, "మీరు...?"

"నా భార్య" అన్నాడు బావ.

ఆమె గ్లాసులో నీళ్లు పోసి అతని ముందుకు జరిపింది. తను వెనక్కి వాలి కూర్చుంది. తర్వాత ఒక ఫైలు తీసింది.

"ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. మా దగ్గర పని పూర్తయి బిల్లు ఇచ్చాక అరవై రోజులకు డబ్బిస్తాం. ఎవరికైనా అదే పద్ధతి. అడ్వాన్సనేది లేనే లేదు. మీకోసం నేను ఆసుపత్రి పాలకమండలి ముందు ప్రత్యేకంగా అనుమతి తీసుకున్నాను. ఫలానా నిపుణురాలు స్వయంగా భవనం పరిశీలిస్తుంది కాబట్టి, అలాంటి మనిషి ఇంకొకరు లేరు కాబట్టి అని రాశాను. ఆవిడ పేరు చూసే అనుమతి ఇచ్చారు. ఆ పేరు లేకపోతే ఆ కాగితం చెల్లదు."

"మేం చెయ్యగలం అండీ" అన్నాడు చిన్నోడు. "ఇన్నేళ్లు ఆవిడ పక్కనే ఉన్నాం."

"చెయ్యగలరేమో. నేను కాదనట్లేదు. మీరు ముందే చెప్పి ఉంటే మామూలు పద్ధతిలో మీకే ఇచ్చేదాన్ని. ఇప్పుడైనా ఇస్తాను. పని చెయ్యండి, బిల్లివ్వండి, అరవై రోజులు."

చిన్నోడు బావను చూశాడు. రేకు, షీట్లు, చట్రాలు, రంగు, బిగించేవాళ్ల కూలి, మూడు నెలలు, ఆపైన అరవై రోజులు. లెక్క వెయ్యడానికి కూడా అందులో ఏమీ లేదు.

"అడ్వాన్సు లేకుండా మేం మొదలుపెట్టలేం అండీ" అన్నాడు బావ. "ఉత్తరంలో ఉన్నది మర్యాదకు రాసింది కాదు. నిజంగానే లేదు."

"అర్థమైంది." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది చిన్నోడికి. "అయితే మొదటి విడత వెనక్కి రావాలండీ. నెలాఖరుకు ఆడిటరు వస్తాడు. అప్పటికి రాకపోతే చెల్లని అనుమతి మీద డబ్బిచ్చానని నా మీద రాస్తాడు."

బావ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "కొంచెం కొంచెంగా... విడతలుగా కట్టుకోవచ్చా?"

ఆమె జవాబు చెప్పడానికి ఇబ్బంది పడింది. "విడతలుగా ఇవ్వడానికి ఒక కాగితం పుట్టించగలిగాను. రద్దయినది విడతలుగా తీసుకోవడానికి మా దగ్గర ఏ కాగితమూ లేదండీ."

బయటికి వచ్చాక చిన్నోడు లిఫ్టు కోసం చూశాడు. బావ మెట్ల మీదుగా కిందికి, గేటు దాకా వెళ్లాడు. అక్కడ వెనక్కి తిరిగి, మళ్లీ లోపలికి మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. అక్క నడిచినట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ, కుడిచేయి గోడకు ఆన్చీ ఆన్చనట్టు. చిన్నోడికి ముందు కంగారు పుట్టింది, తర్వాత అర్థమై పక్కన నడిచాడు. రక్తపరీక్షల గది రావలసిన చోట రెండు వరండాలు చీలాయి. బావ అక్కడ ఆగాడు.

"ఇలాంటి చోట ఆగేది" అన్నాడు. "చాలాసేపు ఆగేది. చుట్టూ చూసి చేతిలో కాగితం మీద ఏదో వేసుకునేది."

"ఏం వేసుకునేది?"

"నువ్వే కదరా పక్కనుండేవాడివి."

"నేను టేపు పట్టుకునేవాణ్ని బావా. ఆవిడ చెప్పిన ఎత్తు కొలిచేవాణ్ని. ఆ ఎత్తే ఎందుకని ఎప్పుడూ అడగలేదు."

బావ ఆ చీలిక దగ్గరే నిలబడ్డాడు. ఎడమ వైపు చూశాడు, కుడి వైపు చూశాడు. అడ్వాన్సు ఉన్నా, లేకున్నా, ఆ మూల ఏ బోర్డు కావాలో తమకు తెలియదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

రేకుల మామ షెడ్డులో చట్రాలు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. అతను వాటిని చూపించి మురిసిపోయాడు. "చూశావా, అద్దంలా కోయించా!" చిన్నోడు సంగతి చెప్పాడు. రంపం ఆపించేదాకా రేకుల మామకు వినబడలేదు. రంపం ఆగాక రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"కోసిన రేకు ఎవడు తీసుకుంటాడు అల్లుడూ? తుక్కు ధరకు కూడా బతిమాలాలి." అతను గెడ్డం గోక్కున్నాడు. "కోయనిది సగముంది. దాని డబ్బు వెనక్కిస్తా. కోసినదాంట్లో నా కూలి తీసుకోను, పో. అంతకన్నా నా చేతుల్లో లేదు. అమ్మాయి పని కాబట్టి ఇదైనా. ఇంకొకడైతే పైసా వెనక్కిచ్చేవాణ్ని కాదు."

"తెలుసు మామా."

మిగిలింది పూడ్చడానికి వాళ్ల దగ్గర ఒకటే ఉంది. స్టిక్కరు అక్షరాలు కత్తిరించే యంత్రం. అక్క దాన్ని అప్పు చేసి కొని, ఆ అప్పు తీరేదాకా కొత్త చీర కొనుక్కోనని పట్టుబట్టింది. నెలాఖరుకు రెండు రోజుల ముందు పెళ్లి కార్డులు అచ్చువేసే ఒకాయన వచ్చి, యంత్రాన్ని అన్ని వైపులా తట్టి చూసి, మాట పెంచకుండా ఒక ధర చెప్పాడు. బావ వెంటనే ఒప్పుకున్నాడు. చిన్నోడు కొంచెం పెంచమని అడగబోయి, మానేశాడు.

డబ్బు ఆసుపత్రికి చేరింది. మేనేజరు మేడమ్ రశీదు పంపుతూ, దానితోపాటు తన చేతిరాతతో రెండు వాక్యాలు రాసింది. మీరు నిజం చెప్పారు, నేను మరచిపోను అని. బావ దాన్ని రెండుసార్లు చదివి డ్రాయరులో పెట్టాడు. ఏజెన్సీకి సంబంధించినంత వరకు అది పనికివచ్చే కాగితం కాదు.

గది ఖాళీ చేసే రోజున, యంత్రం ఉన్న చోట నేల మీద తెల్లటి చతురస్రం ఒకటి మిగిలింది. బావకు ఒక మందుల గోదాములో లెక్కలు రాసే పని దొరికింది. చిన్నోడికి ఇంకా ఏమీ దొరకలేదు. ఇద్దరూ అట్టపెట్టెలకు టేపు వేస్తుంటే ఆఫీసు ఫోను మోగింది. ఇంకా లైను తీసెయ్యలేదు. చిన్నోడు ఎత్తాడు.

"దారి చూపే బోర్డులు చేస్తారట కదండీ? మాది కొత్త కాలేజీ. ముందు ఎంతివ్వాలో చెబితే..."

చిన్నోడు బావ వైపు చూశాడు. బావ టేపు అంచు గోటితో వెతుకుతున్నాడు, దొరకడం లేదు.

"మేం ఇప్పుడు పనులు తీసుకోవడం లేదండీ" అన్నాడు చిన్నోడు.

"అయ్యో. మరి ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఉన్నారు. రాసుకోండి" అని, ఊళ్లో ఇంకొక ఏజెన్సీ నంబరు చెప్పాడు. అవతలి వ్యక్తి ఒక అంకె తప్పు రాసుకుంటే, ఓపిగ్గా మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు.